నంబరు కాదు, ఓవరు చూసి పంపండి

పిల్లలూ,

వన్‌డౌన్ ఎవరు, టూడౌన్ ఎవరు అని మ్యాచ్‌కి ముందే రాసిపెట్టుకుంటున్నారు కదా, ఇరవై ఓవర్ల ఆటలో ఆ జాబితా సగమే పనికొస్తుంది. రెండో వికెట్ 3వ ఓవర్లో పడితే వెళ్లాల్సినవాడు వేరు, 14వ ఓవర్లో పడితే వెళ్లాల్సినవాడు వేరు.

ముందు పాత స్కోరు బుక్కులు తీయండి. ఒక్కో బ్యాటర్‌కి మూడు గళ్లు గీయండి: 1–6, 7–15, 16–20 ఓవర్లు. ఒక్కో గడిలో ఆడిన బంతులు, బ్యాటుతో కొట్టిన పరుగులు, అవుటైన సార్లు వేయండి. వైడ్ ఆడిన బంతి కిందకు రాదు, నోబాల్ వస్తుంది. దీంతో వంద బంతులకు ఎన్ని పరుగులు చేస్తున్నాడో, ఎన్ని బంతులకోసారి అవుటవుతున్నాడో తెలుస్తుంది.

ఇప్పుడు అసలు లెక్క. మనకున్నవి 120 బంతులు, 10 వికెట్లు. అంటే వికెట్‌కి 12 బంతులు. మీ హిట్టర్ చివరి ఓవర్లలో వంద బంతులకు 190 కొడతాడు, 8 బంతులకోసారి అవుటవుతాడు అనుకుందాం. వినడానికి భయమేస్తుంది గానీ, చివరి 30 బంతులూ అందరూ అలాగే ఆడినా పోయేది నాలుగు వికెట్లే. చేతిలో ఆరుంటే ఇక భయమెందుకు? అతన్నే 7వ ఓవర్లో పంపితే 15 పరుగులు చేసి వెనక్కొస్తాడు. అప్పటికి ఫీల్డర్లు ఐదుగురు బౌండరీ దగ్గరికి వెళ్లిపోయి ఉంటారు కాబట్టి అంతా రాకపోవచ్చు కూడా.

మరో గడి కూడా గీయండి: మొదటి 10 బంతుల్లో ఎన్ని పరుగులు? ఒకడు ఆ పదిలో 9 చేసి, తర్వాత బంతికి 1.6 చొప్పున కొడతాడనుకోండి. 40 బంతులు దొరికితే 57 చేస్తాడు. 17వ ఓవరు మొదట్లో పంపితే అతని వాటాకి 12 బంతులే వస్తాయి, చేసేది 12 పరుగులే. అదే 12 బంతులు హిట్టర్లకిస్తే 22 దాకా వస్తాయి. అందుకే నిదానంగా మొదలుపెట్టేవాడికి ఎంత బాగా ఆడినా ఒక గడువు ఉండాలి: 12వ ఓవరు దాటితే అతను ఆగాలి, హిట్టర్ వెళ్లాలి.

ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు. ఓపెనర్‌కి 16–20 గడిలో 170 కనిపించగానే అతన్ని చివర్లో దింపుదామంటారు. ఆ పరుగులు అతను అప్పటికే 40 బంతులాడి కుదురుకున్న రోజులవి. ఆ గడిలో కొత్తగా వచ్చి ఆడినవి వేరే రంగు పెన్నుతో రాయండి. మొత్తం 50 బంతులు కూడా లేని గడిని అసలు నమ్మకండి.

2024 ప్రపంచకప్ ఫైనల్ చూడండి. 4.3 ఓవర్లకు భారత్ 34/3. శివమ్ దూబేని, హార్దిక్‌ని ఆపి అక్షర్ పటేల్‌ని ముందుకు పంపారు. ఎడమచేతి స్పిన్నర్ మహరాజ్ అప్పటికే రెండు వికెట్లు తీశాడు. అక్షర్ ఎడమచేతి బ్యాటర్, బంతి అతని లోపలికి తిరుగుతుంది. 31 బంతుల్లో 47 చేశాడు, కోహ్లీతో 54 బంతుల్లో 72 జోడించాడు. దూబే 13.3 ఓవర్లకి వచ్చి 16 బంతుల్లో 27 కొట్టాడు.

ఈ పద్ధతిలో తర్వాత ఎవరో వికెట్ పడేదాకా తేలదు కాబట్టి, డగౌట్‌లో ఎప్పుడూ ఇద్దరు ప్యాడ్లు కట్టుకుని ఉండాలి. అంతర్జాతీయ టీ20ల్లో కొత్త బ్యాటర్‌కి ఇచ్చేది 90 సెకన్లే.