దెబ్బ తగలాలి, ప్రాణం పోకూడదు: జపాన్ సాధన కత్తుల నేపథ్యం

జపాన్ కత్తి విద్య నేర్చుకునేవారి చేతికి ఇప్పుడు మూడు రకాల కత్తులు వస్తాయి. చెక్కతో చేసిన బొక్కెన్, వెదురు బద్దల షినాయ్, పదును లేని లోహపు ఇయాయిటో. చెక్క మెత్తన, లోహం ప్రమాదం అని కొత్తవారు సహజంగానే అనుకుంటారు. చరిత్ర అలా చెప్పదు.

1612లో గాన్‌ర్యూ దీవిలో మియమోతో ముసాషి తన ప్రత్యర్థి ససాకి కొజిరోను చంపింది చెక్క కత్తితోనే. దాన్ని పడవ తెడ్డు నుంచి చెక్కాడని చెబుతారు. ఆ తెడ్డు సంగతి ఎలా ఉన్నా, గట్టి ఓక్ చెక్కతో మీటరు పొడవున చేసిన బొక్కెన్ పుర్రెను పగలగొట్టగలదనడంలో సందేహం లేదు. అందుకే ఇద్దరు కలిసి చేసే సాధనలో దెబ్బను ఒంటికి అంగుళం ముందే ఆపేస్తారు. చూడటానికి అది అందమైన నిగ్రహమే. కానీ ఆపకపోతే ఆ దెబ్బ తగిలేదా, ఎదుటివాడు తప్పుకునేవాడా అన్నది ఎప్పటికీ తేలదు.

ఈ చిక్కును విప్పడానికే వెదురు వచ్చింది. 16వ శతాబ్దంలో షింకగే-ర్యూ సంప్రదాయాన్ని స్థాపించిన కమిఇజుమి నొబుత్సున పేరుతో ఒక సాధనం ముడిపడి ఉంది. వెదురును సన్నగా చీల్చి తోలు సంచిలో తొడిగితే కొట్టినప్పుడు వంగుతుంది, ఎముక విరగదు. 18వ శతాబ్దంలో నగనుమ, నకానిషి గురువులు ముఖానికి ఇనుప కమ్మీల ముసుగు, చేతులకు, ఛాతీకి కవచం ప్రచారంలోకి తెచ్చారు. దాంతో పూర్తి బలంతో కొట్టుకోవడం సాధ్యమైంది. విడివిడి బద్దలతో కట్టే నేటి షినాయ్ ఈ దారిలోనే రూపుదిద్దుకుంది.

భయం తగ్గగానే కొత్త ఆశ పుట్టింది. గెలవడమే లెక్క అయినప్పుడు పొడవైన వెదురు ఉన్నవాడిదే పైచేయి. 1830లలో క్యూషూ ప్రాంతపు యనగవ నుంచి ఓయిషి సుసుము అనే ఆజానుబాహువు ఐదు షాకులకు మించిన షినాయ్‌తో, అంటే ఒకటిన్నర మీటర్లు దాటిన వెదురుతో నేటి టోక్యో అయిన ఎడో నగరానికి వచ్చాడు. ఒంటిచేత్తో దూరం నుంచి పొడుస్తూ అక్కడి పేరున్న గురువులను వరుసగా ఓడించాడు. అతణ్ని అడ్డుకోవడానికి చిబ షూసకు పీపా మూతంత పిడి కవచం తగిలించుకున్నాడని ఒక కథ ఉంది. నిజమో కాదో గానీ, పద్ధతి ఎంత దూరం పోయిందో ఆ కథ చక్కగా పట్టిస్తుంది. పిడితో కలిపి సుమారు మీటరే ఉండే అసలు కత్తితో ఇవేవీ చేయలేరు. చివరికి 1856లో ప్రభుత్వ సైనిక శిక్షణాలయం కోబుషో, షినాయ్ పొడవు మూడు షాకుల ఎనిమిది సున్‌లు, అంటే సుమారు 115 సెంటీమీటర్లు మించరాదని నిర్ణయించింది. షినాయ్‌తో ఆడే నేటి కెండో పోటీల్లో వయోజన పురుషులకు పరిమితి 120 సెంటీమీటర్లు, కనీస బరువు 510 గ్రాములు.

నిబంధన పొడవును అదుపు చేసింది కానీ స్పర్శను తిరిగి ఇవ్వలేదు. బొక్కెన్‌కు వంపు ఉంటుంది, పిడి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది కాబట్టి అంచు ఎటు తిరిగిందో చూడకుండానే చేతికి తెలుస్తుంది. సాధారణ షినాయ్ నిటారుగా ఉంటుంది, పిడి గుండ్రం. బిగించిన తాడు వీపు వైపు అని కంటితో చూసి గుర్తుపెట్టుకోవాలి. పక్కవాటంగా కొట్టినా చప్పుడు బాగానే వస్తుంది! అందుకే కెండో సాధకులు బొక్కెన్‌తో చేసే కతాలను, అంటే ముందే నిర్ణయించిన కదలికల వరుసలను, ఇప్పటికీ వదలలేదు.

షినాయ్ ప్రమాదమూ వేరే రకం. బద్ద చీలితే ఆ పుల్ల ముసుగు కమ్మీల మధ్య నుంచి కంట్లోకి దూరగలదు. సాధనకు ముందు నాలుగు బద్దల అంచులనూ వేలితో జాగ్రత్తగా తడమాలి. పేడు లేచిందంటే గీకి నునుపు చేయాలి, పగులు లోతుగా ఉంటే ఆ బద్దను తీసేయాలి. ముందు భాగంలో కట్టే తోలు పట్టీ వదులై జారినా, కొన తోలు చిరిగినా అది ఆడదగ్గ షినాయ్ కాదు.

ఇక ఇయాయిటో. ఒర నుంచి కత్తి దూసి, కోసి, మళ్లీ ఒరలో పెట్టే ఇయాయిడోకు చెక్కా వెదురూ రెండూ సరిపోవు. యుద్ధానంతర జపాన్‌లో అసలు కత్తికి నమోదు పత్రం తప్పనిసరి, పైగా ధర ఎక్కువ. అందుకని జింకు, అల్యూమినియం మిశ్రలోహంతో పోతపోసి, పైన మెరుపు పూత వేసిన ఇయాయిటో వాడుకలోకి వచ్చింది. ఈ లోహం పదును నిలుపుకోదు. బరువు, వంపు, ఒరలో జారే తీరు మాత్రం అసలుకు దగ్గర. వీపు పక్కన గాడి ఉన్న కత్తి, అంచు సరైన దిశలో కదిలితే స్పష్టంగా ఈల వేస్తుంది. మూడింటిలో స్పర్శ పరంగా నా ఓటు దీనికే.

అయితే దీనితో మరో కత్తిని కొట్టకూడదు. పోత లోహం వంగడానికి బదులు విరగవచ్చు. అంచు మొద్దే కానీ కొన మొద్దు కాదు. ఒరలో పెట్టేటప్పుడు ఒర మూతిని పట్టుకున్న ఎడమ చేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య చర్మమే ఎక్కువగా గాయపడుతుంది. పిడికీ కత్తికీ మధ్య ఉన్న బంధం చిన్న వెదురు మేకు మాత్రమే. ఆ మేకు ఎండి కుదించుకుపోతే విసురుకు కత్తి పిడిలోంచి ఊడి ఎగిరిపోతుంది. అందుకే సాధనకు ముందు దాన్ని వేలితో నొక్కి చూస్తారు. కదిలితే ఆ రోజు ఆ కత్తిని పక్కన పెడతారు.