పొరుగు జాబితా ఎవరి చేతిలో ఉండాలి?

వేర్వేరు కంపెనీల పరికరాలను ఒకే మొబైల్ నెట్‌వర్క్‌లో కలిపి వాడనిచ్చే ఓపెన్ రాన్ పుణ్యమా అని పాత పేచీ మళ్లీ లేచింది. ఫోన్ కదిలినప్పుడు కాల్‌ను అప్పగించాల్సిన పొరుగు సెల్స్ జాబితాను కొత్త బేస్ స్టేషన్ తానే రాసుకోవాలా, లేక ఆపరేటర్ సాఫ్ట్‌వేర్ రాయాలా? ఇంజినీర్లు ఆ జాబితాలను చేత్తో నింపిన రోజులు తెలిసినవే. అసలు మలుపు మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ 2008 నాటి రిలీజ్ 8లో ఉంది: జాబితాను స్టేషనే రాసుకునే పద్ధతి అక్కడే వచ్చింది.

ఎల్‌టీఈలో, అంటే 4జీలో, సెల్ గుర్తింపు నంబర్లు 504 మాత్రమే. వేల సెల్స్ ఉన్న నెట్‌వర్క్‌లో అవే నంబర్లు మళ్లీ మళ్లీ వాడక తప్పదు. ఫోన్ ‘120 నంబరు సెల్ బాగా వినిపిస్తోంది’ అని చెప్పిందనుకుందాం. జాబితాలో 120 లేకపోతే, ఆ సెల్ పూర్తి గుర్తింపును చదివి చెప్పమని బేస్ స్టేషన్ అదే ఫోన్‌ను అడుగుతుంది. ఆ గుర్తింపుతో కోర్ నెట్‌వర్క్ ద్వారా ఐపీ అడ్రస్ తెలుసుకుని, రెండు స్టేషన్లను నేరుగా కలిపే ఎక్స్2 లింకు వేసుకుని, 120ని జాబితాలో చేర్చుకుంటుంది.

చిక్కు తర్వాత వస్తుంది. అదే పరిసరాల్లో రెండో 120 వెలిస్తే ఆ నంబరు జాబితాలో ఉన్నదే కాబట్టి బేస్ స్టేషన్ మళ్లీ అడగకపోవచ్చు. కాల్ అప్పగింత, అంటే హ్యాండోవర్, పాత 120కి వెళ్తుంది, ఫోన్ కొత్తదాని దగ్గర ఉంటుంది, కాల్ తెగుతుంది. సిగ్నల్ బాగున్నట్టు రిపోర్టులు వస్తూనే ఆ ఒక్క జతలో హ్యాండోవర్లు ఫెయిలవుతుంటే మొదట అనుమానించాల్సింది దీన్నే.

ఇలాంటి వాటికోసమే ప్రమాణం ఆపరేటర్ చేతికి మూడు గుర్తులిచ్చింది: తొలగించవద్దు, హ్యాండోవర్ చేయవద్దు, ఎక్స్2 వేయవద్దు. గుట్ట మీది దూరపు సెల్ పొరపాటున జాబితాలోకి దూరితే రెండో గుర్తు చాలు. నా లెక్కలో నేటి గొడవంతా ఇక్కడే పుట్టింది. జాబితా రాసేది స్టేషన్, ఆఖరి మాట ఆపరేటర్‌ది.

చెడిన కవరేజీని తనంతట తానే సరిచేసుకోవడం దగ్గర ఇంత స్పష్టత లేదు. సెల్ ఆరిపోతే చుట్టుపక్కల సెల్స్ యాంటెన్నా వంపు తగ్గించి, పవర్ పెంచి ఖాళీని కప్పాలి. ఎంత అన్నది పరికరాల కంపెనీలకే వదిలేశారు. పైగా కొన్ని సెల్స్ అలారం లేకుండానే నిద్రపోతాయి. పక్క సెల్స్ నుంచి అందులోకి వచ్చే హ్యాండోవర్లు ఉన్నట్టుండి సున్నా అయితే ఆ సంగతి బయటపడుతుంది. అంటే లెక్కలు నలుగురివీ కలిపి చూసేవాళ్లు కావాలి.

ఆ అవసరాన్నే ఇంటుసెల్ అనే కంపెనీ వ్యాపారం చేసుకుంది. ఏటీ అండ్ టీ దాని కేంద్రీకృత సాఫ్ట్‌వేర్ వాడింది, 2013లో సిస్కో 47.5 కోట్ల డాలర్లకు కొంది, 2020లో ఆ వ్యాపారం హెచ్‌సీఎల్‌కు చేరింది. 2018లో మొదలైన ఓ-రాన్ అలయన్స్ ఇప్పుడు అదే పనిని ఆపరేటర్ కేంద్రీకృత వేదికపై నడిచే ఆర్‌యాప్‌లు అనే సాఫ్ట్‌వేర్‌లకు అప్పగించమంటోంది.

పరికరాల కంపెనీల మాట వేగం గురించి: ఆర్‌యాప్ నడిచే చోట ఒక్కో నిర్ణయానికి సెకను పైనే పడుతుంది, స్టేషన్ అంతకంటే చురుకు. నిజమే. కానీ ఆరిన సెల్ ఒక కంపెనీది, కప్పాల్సిన సెల్ ఇంకో కంపెనీది అయినప్పుడు వంపు మార్చమని ఎవరు చెప్పాలన్న ప్రశ్నను ఈ వాదన తాకదు.