బ్రాకెట్ కనబడితే పంచేసే అలవాటు

"మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్. తప్పుల నోట్‌బుక్ పెట్టుకోమంటే పెట్టుకుంది కానీ, ప్రతి తప్పు పక్కనా 'సిల్లీ మిస్టేక్' అని రాస్తోంది. దీనివల్ల ఉపయోగం ఉందా?" అని ఒక పాఠకుడు అడిగారు.

అలా రాస్తే లేదండీ. రాయాల్సింది తప్పుకి పేరు కాదు, ఆ లైను రాస్తున్నప్పుడు ఏ సూత్రం నిజమనుకుందో అది. అలా రాస్తే వేరువేరు చాప్టర్లలోని తప్పులు ఇలా ఒకచోట చేరతాయి:

(a+b)² = a² + b²
√(a²+b²) = a + b
1/(a+b) = 1/a + 1/b
sin(A+B) = sin A + sin B

చూడ్డానికి నాలుగు. నిజానికి ఒక్కటే. చిన్న క్లాసులో 3(a+b) = 3a + 3b అని విభాగ న్యాయం నేర్చుకున్నాం. అది గుణకారానికి చెందిన గుణం. మెదడు మాత్రం దాన్ని "బ్రాకెట్ బయట ఏముంటే అది లోపల అందరికీ పంచాలి" అని దాచుకుంది. వర్గమైనా, సైన్ అయినా పంచేస్తుంది! ట్రిగనామెట్రీలో వీక్ అనుకుని ఆ అమ్మాయి ట్రిగనామెట్రీయే మళ్లీ మళ్లీ చేస్తే ఇది పోదు.

1978లో బ్రౌన్, బర్టన్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు పిల్లల తీసివేతల్లో ఇలాంటి వాటిని 'బగ్' అన్నారు. ఒక పిల్లాడు 52−37 = 25, 71−48 = 37 అని రాశాడనుకోండి. పరధ్యానం కాదది. ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్నది తీసేస్తున్నాడు. 63−28 ఇస్తే 45 అంటాడని ముందే చెప్పొచ్చు. పొరపాటుకీ బగ్‌కీ తేడా ఇక్కడే తెలుస్తుంది: రాబోయే తప్పు జవాబు ముందే చెప్పగలిగితే అది బగ్. (ఇలాంటి పిల్లాడికి "జాగ్రత్తగా చెయ్యి" అని చెప్పే మాస్టార్లున్నారు. వాడు జాగ్రత్తగానే చేస్తున్నాడు పాపం.)

నోట్‌బుక్కుకి అందనిదీ ఒకటుంది. అదే పిల్లాడు 58−23 చేస్తే 35 వస్తుంది, టిక్కు పడుతుంది. సూత్రం తప్పే, జవాబు మాత్రం సరైనదే. టిక్కు పడ్డ లెక్క తప్పుల పుస్తకంలోకి రాదు.

అందుకే అనుమానం ఉన్న సూత్రంలో అంకెలు వేసి చూడమనండి. 3, 4 వేస్తే (3+4)² = 49, 9+16 = 25. దొరికిపోయింది. కానీ అంకెల ఎంపికలో ఒక చిక్కుంది. log(a+b) = log a + log b అని రాసి, సులువని రెండు చోట్లా 2 వేసిందనుకోండి. రెండు వైపులా log 4 వస్తుంది, ఎందుకంటే 2+2, 2×2 ఒకటే. తప్పు సూత్రం పరీక్ష పాసైపోతుంది. 0, 1, 2 వదిలేసి 3, 5 లాంటివి వెయ్యమనండి: ఎడమవైపు log 8, కుడివైపు log 15.