షెడ్డులో ఎన్ని గడ్డి కట్టలు పడతాయి?

వరి కోత మిషన్ పొలం దాటగానే వెనకాలే బేలర్ దిగుతుంది. వరుసలుగా పడి ఉన్న గడ్డిని లోపలికి లాక్కుని, గుండ్రంగా చుట్టి, పురికొస బిగించి, ఒక్కో కట్టను వెనక్కి దొర్లిస్తుంది. తెలంగాణ, ఆంధ్ర పల్లెల్లో పాత గడ్డివామి స్థానంలో ఇప్పుడు ఎక్కువగా కనిపించేవి ఈ కట్టలే. చిన్న బేలర్ కట్ట ఇంచుమించు 2 అడుగుల వ్యాసం, 3 అడుగుల పొడవు ఉంటుంది. బరువు గడ్డి తేమను బట్టి, బిగింపును బట్టి మారుతుంది కానీ, లెక్కకు 20 కిలోలు అనుకుందాం.

పాత వామికి వాన తట్టుకునే ఏర్పాటు దాని కట్టుబడిలోనే ఉండేది. గడ్డిని బయటికి వాలుగా పేర్చేవాళ్ళు కాబట్టి పైన పడ్డ నీళ్ళు జారిపోయేవి. గుండ్రటి కట్టలు పేర్చిన కుప్పకు ఆ వాలు లేదు. వర్షం పడితే నీళ్ళు కట్టల సందుల్లోకి దిగుతాయి. అందుకే షెడ్డు కావాలి. షెడ్డు అనగానే మొదటి ప్రశ్న, ఇందులో ఎన్ని పడతాయి అని.

ఒక షెడ్డు తీసుకుందాం. లోపలి వెడల్పు 22 అడుగులు, పొడవు 32 అడుగులు, పక్క గోడ దగ్గర రేకు ఎత్తు 12 అడుగులు. గాలి ఆడడానికి రెండు పక్కలా అడుగేసి, వెనక ఒక అడుగు, ముందు మనిషి మసలడానికి 4 అడుగులు వదలాలి. కింద నేల చెమ్మ తగలకుండా 6 అంగుళాల ఎత్తున చెక్కలు పరవాలి. పైన రేకుకూ గడ్డికీ మధ్య ఒక అడుగు ఉండాలి. ఇవన్నీ పోగా మిగిలేది 20 అడుగుల వెడల్పు, 27 అడుగుల పొడవు, పదిన్నర అడుగుల ఎత్తు.

చాలామంది ఇక్కడ ఘనపరిమాణంతో భాగిస్తారు. స్థలం 5,670 ఘనపుటడుగులు, ఒక కట్ట సుమారు 9.4 ఘనపుటడుగులు, కాబట్టి 600 కట్టలు. లెక్క చూడ్డానికి సరిగ్గానే ఉంది. కానీ ఆ షెడ్డులో 600 కట్టలు ఎప్పటికీ పట్టవు. గుండ్రటి వాటి మధ్య సందులు మిగులుతాయి. వాటికంటే కూడా పెద్ద సంగతి, కట్టలు పూర్తిగా పడతాయి లేదా అసలు పట్టవు. అరకట్టకు సరిపడా జాగా మిగిలితే అది ఖాళీగానే ఉండిపోతుంది.

కట్టలను షెడ్డు పొడవునా పడుకోబెడితే తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళకు గుండ్రటి ముఖాలు కనిపిస్తాయి. అలా ఒక కట్ట మందంతో ఒక గోడ తయారవుతుంది. 27 అడుగుల పొడవులో అలాంటి గోడలు 9 పడతాయి. కాబట్టి ఒక్క గోడ లెక్క తేలితే చాలు, దాన్ని 9తో హెచ్చవేయడమే.

నేరుగా ఒకదాని నెత్తిన ఒకటి పెడితే అడ్డంగా 10, ఎత్తున 5, గోడకు 50 కట్టలు. మొత్తం 450. రెండో పద్ధతి, సంతలో బత్తాయిలు పేర్చినట్టు పై వరుసను కింది వరుస పల్లాల్లో కూర్చోబెట్టడం. గణితం ప్రకారం నేరు పేర్పులో 78.5 శాతం జాగానే నిండుతుంది, పల్లాల పేర్పులో 90.7 శాతం నిండుతుంది. అంటే దాదాపు 15 శాతం ఎక్కువ పట్టాలి. మన షెడ్డులో నిజంగా ఎంత పడుతుందో చూద్దాం.

పల్లంలో కూర్చున్న వరుస మొత్తం ఎత్తుకు 2 అడుగులు కలపదు, 1.73 అడుగులే కలుపుతుంది. సూత్రం ఇది:

మొత్తం ఎత్తు = వ్యాసం × (1 + 0.866 × (వరుసలు − 1))

5 వరుసలకు 8.9 అడుగులు, 6 వరుసలకు 10.66 అడుగులు. మన దగ్గర ఉన్నది 10.5. కాగితం మీద ఆరో వరుసకు 2 అంగుళాలు తక్కువైంది. 5 వరుసలతోనే ఆపితే 10, 9, 10, 9, 10, మొత్తం 48. నేరు పేర్పులో 50 పట్టాయి కదా! 15 శాతం ఎక్కువ రావాల్సిన పద్ధతి 2 కట్టలు తక్కువ ఇచ్చింది. ఆ ఆరో వరుస పట్టిందంటే మాత్రం గోడకు 57, మొత్తం 513 అవుతాయి. ఈ లాభం మెట్లు మెట్లుగా వస్తుంది. మెట్టుకు కాస్త కిందున్న షెడ్డుకు ఏమీ దక్కదు, కాస్త పైనున్నదానికి ఒక్కసారిగా 63 కట్టలు కలిసొస్తాయి.

అయితే గడ్డి రాయి కాదు. పైన నాలుగైదు వరుసలు పడేసరికి అడుగు కట్టల మీద 80 నుంచి 100 కిలోల బరువు ఉంటుంది. అవి కోడిగుడ్డు ఆకారంలోకి అణుగుతాయి. అందుకే 5 వరుసలు పేర్చాక టేపు పెట్టి మళ్ళీ కొలవడం మంచిది. ఆ 2 అంగుళాలు అక్కడ దొరికే అవకాశం బాగా ఉంది. కానీ ఎత్తున అణిగినంతా వెడల్పున ఎంతో కొంత ఉబ్బుతుంది. ఆ సంగతి మర్చిపోతే చివరి కట్ట గోడకు ఇరుక్కుంటుంది.

కొలత దగ్గర ఇంకో మాట. ఒక్క కట్టను కొలిచి పదితో హెచ్చవేస్తే తప్పు కూడా పదింతలవుతుంది. 10 కట్టలను చదునైన నేల మీద ఆనించి పేర్చి, ఈ చివర నుంచి ఆ చివరకు టేపు లాగి, పదితో భాగించాలి. ఒక్కోటి అంగుళం లావుగా ఉన్నా వరుస 20 అడుగులు కాదు, 20 అడుగుల 10 అంగుళాలు అవుతుంది.

వెడల్పులోనూ ఒక మెట్టు ఉంది. 20 అడుగుల్లో సరిగ్గా 10 పడితే పై వరుస అరకట్ట పక్కకు జరగడానికి చోటు ఉండదు, 9తో సరిపెట్టుకోవాలి. అదే వెడల్పు 21 అడుగులైతే ఒక వరుస ఎడమకూ, పై వరుస కుడికీ జరిగి, అన్నింట్లో పదేసి పడతాయి. గోడకు 60, మొత్తం 540. పక్క ఖాళీలను అడుగు నుంచి ఆరేసి అంగుళాలకు తగ్గిస్తే ఈ షెడ్డులోనే అది సాధ్యం. గాలి ఎక్కువ కావాల్సిన చోట నేనైతే ఆ 27 కట్టల కోసం ఖాళీ తగ్గించను.

ఇప్పటిదాకా లెక్క చూశాం. అసలు చిక్కు మూడో వరుస చివరి కట్ట దగ్గర వస్తుంది. కింద 9 ఉన్న వరుస మీద 10 పెట్టినప్పుడు చివరి కట్టకు లోపలి పక్కనే ఆనుకునే కట్ట ఉంటుంది, బయటి పక్క ఏమీ ఉండదు. అది బయటికి జారాలనే చూస్తుంది. ఆనుకునే కోణాన్ని బట్టి, రాపిడి లెక్కలోకి తీసుకోకుండా చూస్తే, 20 కిలోల కట్ట ఒంటరిగానే పక్కకు 11.5 కిలోల బరువంత తోపు ఇస్తుంది. పై వరుసల బరువు దిగేకొద్దీ ఆ తోపు పెరుగుతుంది. రాపిడి కొంత ఆపుతుంది కానీ, దాన్నే నమ్ముకోలేం. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ ఇలాంటి పక్క తోపు కోసం కట్టింది కాదు, రేకు గోడ సంగతి చెప్పక్కర్లేదు. షెడ్డు పొడవునా నేలలో పాతిన గుంజలు, వాటికి అడ్డంగా బిగించిన బాదులు ఉండి తీరాలి. నేరు పేర్పు ఇంకా ప్రమాదం, ఏ కట్ట ఎటు దొర్లినా ఆపేది ఉండదు. 450 అన్నది కాగితం మీది అంకెగానే చూడాలి.

గుంజలు లేకపోతే పిరమిడ్‌లా ప్రతి వరుసకూ ఒకటి తగ్గించుకుంటూ పోవాలి: 10, 9, 8, 7, 6, 5. గోడకు 45, మొత్తం 405. అడుగు వరుస చివర్లలో పక్కకు జరగకుండా ఆపులు మాత్రం పెట్టాలి. గుంజలున్న 513కూ దీనికీ తేడా 108 కట్టలు, అంటే సుమారు 2,160 కిలోలు. రోజుకు 6 కిలోల ఎండుగడ్డి తినే ఆవుకు అది 360 రోజుల మేత. గుంజల ఖర్చును ఆ మేత ధరతో పోల్చి చూసుకోవచ్చు.

గుంజలు పెట్టే వీలు లేనివాళ్ళకు నేను ముందు సూచించేది కట్టలను నిలబెట్టడం. చదునైన ముఖం మీద నిలబెడితే దొర్లుడు ఉండదు. నేల మీద 10, 9, 10, 9 అంటూ పల్లాల్లోకి జరుపుతూ పోతే 27 అడుగుల పొడవులో 15 వరుసలు పట్టి, ఒక అంతస్తుకు 143 కట్టలు వస్తాయి. రెండో అంతస్తును 9తో మొదలుపెడితే 142 పడతాయి. ఒక్క కట్ట తగ్గినా లోపలి కట్టలన్నీ కింది రెండేసి కట్టల మీద కూర్చుని కుప్పను కలిపి ఉంచుతాయి. మూడో అంతస్తు మళ్ళీ 143. మొత్తం 428. పిరమిడ్ కంటే 23 ఎక్కువ, పైగా పక్క గోడల మీద తోపు పెద్దగా ఉండదు. ఎత్తు 9 అడుగులే. ముందు వరుసలు మాత్రం తొందరగా ఒరుగుతాయి కాబట్టి తలుపు వైపు మూడో అంతస్తును ఒక వరుస వెనక్కి మొదలుపెట్టాలి. అప్పుడు 10 కట్టలు తగ్గి మొత్తం 418 అవుతాయి, అయినా పిరమిడ్ కంటే 13 ఎక్కువే.

పేర్పు ఎంచుకునేటప్పుడు గాలిని కూడా చూడాలి. పడుకోబెట్టిన నేరు పేర్పులో 21.5 శాతం సందులుంటే, పల్లాల పేర్పులో 9.3 శాతమే ఉంటాయి. ఎక్కువ కట్టలు పట్టాయంటే లోపలి వేడి బయటికి పోయే దారి తగ్గిందన్నమాట. మిగిలిన సన్నటి సందులు షెడ్డు ముందు నుంచి వెనకదాకా సాగుతాయి. ముందు ముఖాన్ని టార్పాలిన్‌తో బిగించి మూసేస్తే అవి కూడా పనిచేయవు. ఖరీఫ్ గడ్డి విషయంలో ఇది ముఖ్యం. యాసంగి గడ్డి ఎండకు కరకరలాడుతుంది కానీ, మంచు పట్టిన పొలంలో తొందరపడి చుట్టించిన కట్ట నడుమ తేమ నిలుస్తుంది. తేమ 15 శాతం లోపుంటే నిశ్చింత, 20 దాటితే బూజు, వేడి మొదలయ్యే ప్రమాదం ఉంటుంది. గుప్పెడు గడ్డి మెలిపెడితే పుటుక్కున విరగాలి, వంగి మెత్తగా ఉంటే ఇంకా ఎండలేదు. అనుమానమున్న కట్టలు కుప్ప నడుమకు పోకూడదు, బయట విడిగా ఉండాలి.

పేర్చిన మొదటి నెల కుప్పలోకి ఇనుప చువ్వ గుచ్చి కాసేపు ఉంచి తీసి చూడాలి. చువ్వ పట్టుకోలేనంత వేడిగా ఉంటే థర్మామీటర్‌తో చూడాల్సిందే. 55 డిగ్రీలు దాటితే రోజూ కొలవాలి. 70 దాటాక సొంతంగా కుప్ప విప్పకూడదు, లోపలికి గాలి తగలగానే మంట లేవొచ్చు. ముందు 101కి ఫోన్ చేసి, అగ్నిమాపక సిబ్బంది వచ్చాకే కదిలించాలి.

వాడుకునేటప్పుడు చేతికి అందింది కదా అని కింది కట్ట లాగడం వల్లే ఎక్కువగా కుప్పలు కూలుతాయి. పల్లాల పేర్పులో ప్రతి కట్టా పైనున్న రెండింటిని మోస్తుంటుంది. ముందు గోడ పై వరుస నుంచి మొదలుపెట్టి, వెనక గోడలు మెట్లుగా మిగిలేలా దింపుకుంటూ పోవాలి.