మీటింగ్ రద్దు చేస్తే ఏమనుకుంటారో! – అపోహలు, వాస్తవాలు

సోమవారం పొద్దున మా టీమ్‌లో ఒకతను నా డెస్క్ దగ్గరికొచ్చి, "గురువారం మీటింగ్ తీసేసి మెయిల్ పెట్టేద్దామనుకుంటున్నానండీ, కానీ ఏమనుకుంటారో" అన్నాడు. నేను ప్రాజెక్టు కోఆర్డినేటర్‌ని. మీటింగులు పెట్టడం నా పనిలో సగమైతే, పెట్టినవాటిని తీసేయడం మిగతా సగం. ఈ "ఏమనుకుంటారో" అనే మాట నెలకు నాలుగుసార్లైనా చెవిన పడుతుంది. ఆ భయంలో తప్పేమీ లేదు. దాంతో చేసే పనులే తప్పుగా ఉంటాయి.

అపోహ: క్యాన్సిల్ నొక్కితే అందరికీ నోటీసు వెళ్తుంది, అది చాలు. మహా అయితే "ఈ వారం పెద్దగా ఏమీ లేదు" అని ఒక లైను.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. నేనూ చేశాను కాబట్టి వివరంగానే చెప్తాను.

తొమ్మిదిమందితో గురువారం మధ్యాహ్నం 3 గంటలకు 45 నిమిషాల మీటింగ్. అజెండాలో ఉన్నవి రెండే. ఒకటి, యాప్ రిలీజ్ తేదీ 12 నుంచి 19కి మారిందని చెప్పడం. రెండు, తప్పులు నమోదు చేసే కొత్త ఫారం చూపించడం. రెండూ నేను చదివి వినిపించేవే కదా అని బుధవారం రాత్రి "మాట్లాడుకోవడానికి పెద్దగా ఏమీ లేదు కాబట్టి రేపటి మీటింగ్ రద్దు" అని రాసి నొక్కేశాను. మంచి పని చేశాననే అనుకున్నాను.

మర్నాడు పొద్దున టెస్టింగ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి నుంచి మెసేజ్: "సరేనండీ. అయితే నా రిపోర్ట్ ఇక అక్కర్లేదా?"

అంతకు ముందు వారం మీటింగ్ చివర్లో, అందరూ లేచిపోతుంటే, "వచ్చేసారి పాత ఫోన్లలో యాప్ ఎలా నడుస్తోందో నువ్వు ఐదు నిమిషాలు చెప్పు" అని నేనే అన్నాను. అజెండాలో రాయలేదు, మర్చిపోయాను. ఆ ఐదు నిమిషాల కోసం ఆమె రెండు రోజులు కూర్చుంది. నా లైను ఆమెకు ఎలా వినిపించి ఉంటుందో చూడండి: నీ పని కూడా "పెద్దగా ఏమీ లేదు" కిందకే వస్తుంది. తొమ్మిదిమంది దగ్గర ఏముందో నేనొక్కదాన్నే తూకం వేసి, ఏమీ లేదని తేల్చేశానన్నమాట. మీటింగ్ పోయినందుకు ఎవరూ బాధపడరు, నిజానికి సంతోషిస్తారు. తాము చెప్పాలనుకున్నది ఎక్కడికి పోయిందో తెలియనప్పుడే నొచ్చుకుంటారు. నోటీసు ఆ గంట ఖాళీ అయిందని చెప్తుందే గానీ, ఆ విషయం ఏమైందో చెప్పదు.

అప్పట్నుంచి నేను చేసేది ఇది. అజెండా ముందు పెట్టుకుని ప్రతి అంశం పక్కనా ఒక మాట రాస్తాను: చెప్పేది, అడిగేది, వాదించుకునేది. మూడో రకం ఒక్కటున్నా మీటింగ్ తీసేయను. తర్వాత గత వారం నోట్స్ తిరగేసి, ఎవరికైనా "వచ్చేసారి నువ్వు" అని మాటిచ్చానా అని చూస్తాను. అలాంటివాళ్లకు అందరికంటే ముందు విడిగా రెండు మాటలు చెప్తాను. ఆ తర్వాత అందరికీ మెయిల్. క్యాన్సిల్ నొక్కడం ఆఖరున.

ఈ వరస తారుమారైతే ఇబ్బందే. నోటీసు రాగానే చాలామంది దాన్ని క్యాలెండర్‌లోంచి తీసేస్తారు. ఇన్వైట్‌లో రాసుకున్న అజెండా, పెట్టిన లింకులు దానితోపాటే కళ్లముందు నుంచి పోతాయి. మెయిల్ ముందే చేరి ఉంటే `Canceled:` అని వచ్చినా ఎవరూ ఉలిక్కిపడరు.

ఆ గురువారం మెయిల్ ఇప్పుడు రాయమంటే ఇలా రాస్తాను. పంపేది మంగళవారం సాయంత్రం.

> సబ్జెక్ట్: గురువారం 3 గంటల మీటింగ్ బదులు ఈ మెయిల్ – ఒక రిపోర్ట్ చూడాలి
>
> అందరికీ నమస్కారం. గురువారం అనుకున్నవాటిలో రెండు నేను చదివి వినిపించేవే, మూడోది ఒకరు తేల్చాల్సింది. అందుకని ఇక్కడే రాస్తున్నాను.
>
> 1. రిలీజ్ 12 నుంచి 19కి మారింది. పేమెంట్ పేజీలో దొరికిన తప్పు సరిచేయడానికి ఆ వారం కావాలి. మీరు చేయాల్సింది ఏమీ లేదు.
>
> 2. తప్పుల నమోదుకు సోమవారం నుంచి కొత్త ఫారం. లింకు కింద ఉంది.
>
> 3. పాత ఫోన్లలో యాప్ నడవడంపై టెస్టింగ్ రిపోర్ట్ జతచేశాను. మొదటి పేజీ తప్పకుండా చూడండి. ప్రశ్నలుంటే గురువారం సాయంత్రం 5 లోగా ఈ మెయిల్‌కే రాయండి. ఆ ఫోన్లను వదిలేయాలా వద్దా అన్నది డెవలప్‌మెంట్ లీడ్ గారు శుక్రవారం చెప్తారు.
>
> మాట్లాడితేనే తేలుతుందనిపిస్తే ఒక్క లైను రాయండి, 3 గంటలకు నేను ఖాళీగానే ఉంటాను. వచ్చే గురువారం మీటింగ్ మామూలుగానే ఉంటుంది.

ఇందులో "మీ విలువైన సమయం" అనే మాట లేదు. అది అందరూ రాసి రాసి అరిగిపోయింది. చదివి వినిపించేవే అన్న కారణం దానికంటే నమ్మకంగా ఉంటుంది. 3 గంటలకు ఖాళీ అని రాసి ఆ టైమ్‌లో ఇంకో మీటింగ్ ఒప్పుకోకూడదు సుమా. నేను నా క్యాలెండర్‌లో ఆ గంటను అలాగే ఉంచుతాను. వచ్చేవాళ్లు చాలా అరుదు, కానీ తలుపు తీసి ఉందని తెలియాలి.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

అపోహ: నాలుగుసార్లు సారీ చెప్పాలి. అక్కర్లేదు. సారీలు ఎక్కువయ్యేకొద్దీ ఏదో జరిగిందన్న టెన్షన్ పెరుగుతుంది. ఒక రోజు ముందు చెప్తే సారీయే అక్కర్లేదు. గంట ముందు చెప్పాల్సొస్తే ఒక్కసారి చాలు, అయితే అప్పుడు మెయిల్ మీద ఆధారపడకుండా చాట్‌లో కూడా చెప్పండి.

అపోహ: జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే. రిలీజ్ తేదీ లాంటి కబురుకైతే పర్లేదు. నిర్ణయానికి మాత్రం కాదు. తేల్చాల్సిన మనిషి ఎవరో మెయిల్‌లో రాసి, వాళ్ల నుంచి జవాబు తీసుకోవాల్సిందే.

అపోహ: మీటింగ్ రద్దయిందంటే ప్రాజెక్టు మూతపడుతోంది. ఈ పుకారు ఎవరు పుట్టిస్తారో గానీ, వింటే ఒళ్లు మండుతుంది. అయితే భయపడేవాళ్లను ఏమనగలం, మనం కారణం రాయకపోతే వాళ్లే ఒకటి ఊహించుకుంటారు. ఒకసారి మా సహోద్యోగి ఒకాయన వారం వారం జరిగే మీటింగ్‌లో ఒక్కటి తీసేయబోయి, `This event` బదులు `All events` నొక్కేశాడు. సిరీస్ మొత్తం మాయం. "మమ్మల్ని వేరే టీమ్‌లోకి మారుస్తున్నారా?" అని సాయంత్రందాకా అందరూ నన్నే అడిగారు. "వచ్చే గురువారం మామూలుగానే" అన్న చివరి లైను అందుకే.

మెయిల్ పనిచేయలేదని ఎలా తెలుస్తుంది? ఒకే ఇద్దరు ఒకే విషయం మీద రెండుసార్లు అటూ ఇటూ రాసుకున్నారంటే, అది వాదించుకునే అంశం. నేను తప్పు లెక్కేసినట్టు. మూడో జవాబు రాకముందే ఆ ఇద్దరినీ పది నిమిషాలు కాల్‌లో కూర్చోబెడతాను, తేలింది ఏమిటో మెయిల్‌లో రాస్తాను.

సోమవారం వచ్చినతని అజెండా ఇద్దరం కలిసి చూశాం. నాలుగు అంశాలు. మూడు చెప్పేవే. నాలుగోది, సెలవులో ఉన్నవాళ్ల పని ఎవరు చూడాలన్నది, చక్కటి వాదన. "అయితే రద్దు చేయకూడదా?" అన్నాడు నీరసంగా. ఆ ఒక్కదానికే ముగ్గురితో 15 నిమిషాలు ఉంచాడు. మిగతా ఆరుగురికి మంగళవారం మెయిల్ వెళ్లింది. వాళ్లలో ఒకాయన "నాలుగోదాంట్లో నేనూ ఉంటాను" అని రాస్తే నలుగురయ్యారు.