“అక్కా, డబ్బులు కొట్టేశాను చూడండి”: పేమెంట్ స్క్రీన్‌షాట్లపై అపోహలు, వాస్తవాలు

మంగళగిరి చీరలు, డ్రెస్ మెటీరియల్ వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకుని అమ్ముతుంటాను. షాపు లేదు, ఇంట్లోనే స్టాకు. రోజుకు పది పన్నెండు స్క్రీన్‌షాట్లు వస్తాయి, అందులో తొంభై శాతం నిజమైనవే. చిక్కంతా అదే. నిజమైనవి చూసి చూసి కళ్లు అలవాటు పడిపోతాయి, దొంగది వచ్చినా అలవాటు ప్రకారం “థాంక్యూ అండి” అని టైప్ చేసేస్తాం.

అపోహ: స్క్రీన్‌షాట్‌లో యూటీఆర్ నంబరు కూడా ఉంది కదా, నిజమే అయ్యుంటుంది

నేను మునిగింది ఇక్కడే. 2025 జూన్ 14, శనివారం సాయంత్రం. ఒకాయన మూడు చీరలు ఎంచుకున్నాడు, మొత్తం 4,350 రూపాయలు. బేరం ఆడలేదు, రంగు గురించి కూడా రెండోసారి అడగలేదు. చీరలు కొనేవాళ్లెవరూ అలా ఉండరని నాకు అప్పుడే తట్టాల్సింది. “ఫంక్షన్‌కి టైమైపోతోంది అక్కా, బండబ్బాయిని పంపిస్తున్నా” అన్నాడు. అబ్బాయి గేటు దగ్గర హారన్ కొడుతుండగా స్క్రీన్‌షాట్ వచ్చింది. ఆకుపచ్చ టిక్కు, నా పేరు, మొత్తం, తేదీ, టైము, యూటీఆర్ అనే పన్నెండంకెల నంబరు, అన్నీ ఉన్నాయి. కవరు ఇచ్చేశాను.

రాత్రి లెక్క రాసుకుంటుంటే ఖాతాలో ఆ 4,350 లేదు. అప్పుడు స్క్రీన్‌షాట్ పెద్దది చేసి చూశాను. యూపీఐ చెల్లింపులకు ఇచ్చే ఆ పన్నెండంకెల నంబరులో మామూలుగా మొదటి అంకె సంవత్సరం చివరి అంకె, తర్వాతి మూడు ఆ ఏడాదిలో అది ఎన్నో రోజో చెబుతాయి. జూన్ 14 అంటే 165వ రోజు, కాబట్టి నంబరు 5165తో మొదలవ్వాలి. నాకొచ్చినది 4302తో మొదలైంది. అంటే 2024లో 302వ రోజు, అక్టోబరు 28. ఎవరిదో పాత రసీదు తీసుకుని పేరు, మొత్తం, తేదీ మార్చాడు, నంబరు మార్చడం మర్చిపోయాడు.

ఈ చిట్కా విని మురిసిపోకండి. మొదటి నాలుగంకెలు తప్పుంటే అనుమానించాలి, అంతే. సరిగ్గా ఉంటే డబ్బు వచ్చినట్టు కాదు, ఎందుకంటే మొదటి నాలుగంకెలు సరిచేయడం వాడికి నిమిషం పని. ఇక పేరు, మొత్తం కొడితే అచ్చం అసలు యాప్‌లాగే టిక్కు, చప్పుడుతో సహా చూపించే నకిలీ యాప్‌లున్నాయి. అందుకే స్క్రీన్ రికార్డింగ్ వీడియో పంపినా, ఎదురుగా నిలబడి ఫోను చూపించినా వాడి ఫోన్లో ఉన్నది మనకు సాక్ష్యం కాదు. మన ఖాతాలో పడిందా లేదా అన్నదే లెక్క.

అపోహ: బ్యాంకు మెసేజ్ వచ్చింది, ఇక చూడక్కర్లేదు

మెసేజ్ ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో చూడండి. బ్యాంకు మెసేజ్ పైన బ్యాంకును సూచించే అక్షరాలు ఉంటాయి, మామూలు పదంకెల సెల్ నంబరు ఉండదు. “మీ ఖాతాలో 24,000 జమ” అని సెల్ నంబరు నుంచి వచ్చిందంటే అది ఎవడో కూర్చుని టైప్ చేసింది. వెంటనే ఫోను కూడా వస్తుంది: “అయ్యో, 2,400 కొట్టబోయి ఒక సున్నా ఎక్కువ కొట్టాను, మిగతాది వెనక్కి వేయండి అక్కా.” గొంతులో ఏడుపు కూడా ఉంటుంది. అసలు రాని డబ్బును మన జేబులోంచి తిరిగిచ్చే పథకం ఇది.

ఇంకో రకం ఉంది, ఇది పెద్ద ఆర్డర్లకు. మన ఖాతా నంబరు తీసుకుని చెక్కు వేస్తారు. అప్పుడు మెసేజ్ నిజంగా బ్యాంకు నుంచే రావచ్చు, కానీ చెక్కు క్లియర్ అయ్యాకే జమ అని అందులో ఉంటుంది. మనం మొత్తం చూసి ఆ ముక్క వదిలేస్తాం. సరుకు వెళ్లిపోయాక చెక్కు బౌన్స్ అవుతుంది. ఆన్‌లైన్‌లో చీరలు కొనేవాడు చెక్కు ఎందుకు వేస్తున్నాడో మొదట అడగండి.

అపోహ: బ్యాలెన్స్ పెరిగింది కదా, చాలు

పండగ సీజన్‌లో ఒకే రోజు నలుగురు 1,450 వేస్తారు. బ్యాలెన్స్ పెరిగింది సరే, ఎవరి డబ్బుతో? ఇందులో ఇంకో కిటుకు ఉంది. వారం కిందట నిజంగా కొన్నావిడే, అదే నిజమైన స్క్రీన్‌షాట్‌ను రెండో ఆర్డరుకూ పంపుతుంది. అందులో ఒక్క అక్షరం దొంగది లేదు. తేదీ ఉన్న పైభాగం కత్తిరించి ఉంటుంది, అంతే.

అందుకని నేను బ్యాంకు సొంత యాప్ తెరిచి, మినీ స్టేట్‌మెంట్‌లో ఆ జమ లైను వెతుకుతాను. అది ఇంచుమించు ఇలా కనిపిస్తుంది, బ్యాంకును బట్టి కాస్త మారుతుంది:

```
UPI/CR/516512345678/...
```

`CR` అంటే జమ. తర్వాతిది ఆ పన్నెండంకెల నంబరు, ఆ పక్కన పంపినవాళ్ల పేరు. కస్టమరు చెప్పిన నంబరు, ఇక్కడి నంబరు ఒకటైతే ఆర్డరు చీటీ మీద చివరి నాలుగంకెలు, పక్కన “జమ” అని రాస్తాను. మా తోటికోడలు ప్యాకింగ్ చూస్తుంది. తనకు వాట్సాప్ చూసే పని లేదు, “జమ” అని రాసి ఉన్న చీటీ ఉంటేనే టేపు వేస్తుంది. అవే నాలుగంకెలు ఇంకో చీటీ మీద కనబడితే అక్కడే ఆగుతాం.

రద్దీ రోజుల్లో పైసలు కలుపుతాను. 37వ ఆర్డరుకు 1,450.37, 38వ దానికి 1,450.38 వేయమంటాను. “ఈ ముప్పై ఏడు పైసలేంటండీ” అని నవ్వుతారు కానీ వేస్తారు. స్టేట్‌మెంట్‌లో ఎవరిది ఎవరిదో తడుముకోకుండా తెలిసిపోతుంది.

రెండు ఖాతాలున్నవాళ్లు ఒక మాట గుర్తుపెట్టుకోండి. మీ యూపీఐ ఐడీకి ఏ ఖాతా తగిలించారో అందులోనే చూడాలి. ఒకసారి నేను వేరే ఖాతా చూసి, డబ్బు కట్టిన పెద్దావిడను “రాలేదండి” అని మూడుసార్లు అన్నాను. ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అపోహ: “నా ఖాతాలో కట్ అయింది” అన్నారంటే మనం పంపాల్సిందే

ఇది నిజంగా జరుగుతుంది, అన్నవాళ్లంతా దొంగలు కారు. అవతల కట్ అయి మన దగ్గర పడకపోతే మర్నాటికల్లా వాళ్ల ఖాతాకు తిరిగి వేయాలని, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని 2019లోనే రిజర్వ్ బ్యాంకు నిబంధన పెట్టింది. కాబట్టి “రేపటికి మీకు వెనక్కి వస్తుంది, లేదా నాకు పడుతుంది. పడగానే పార్సిల్ వేస్తాను” అని చెబుతాను. నిజమైన కస్టమరు విసుక్కుంటారు కానీ ఆగుతారు. దొంగవాడు బండబ్బాయి వెయిటింగ్ చార్జీ గురించి గొడవ మొదలుపెడతాడు. పాపం ఆ అబ్బాయికి ఏమీ తెలియదు. నేనైతే అతనికి మంచినీళ్లిచ్చి, బ్యాంకు యాప్ తెరుచుకునేదాకా కూర్చోబెడతాను. యాప్ మొరాయిస్తే చాలా బ్యాంకులకు మిస్డ్‌కాల్ నంబరుంటుంది, రిజిస్టరైన ఫోను నుంచి కొడితే చివరి లావాదేవీలు మెసేజ్‌లో వస్తాయి.

“డబ్బు రావాలంటే పిన్ కొట్టండి” అంటే మాత్రం ఫోను పెట్టేయండి. యూపీఐలో పిన్ అడిగేది మన ఖాతాలోంచి డబ్బు పంపడానికో, బ్యాలెన్స్ చూపించడానికో. డబ్బు అందుకోవడానికి పిన్ అక్కర్లేదు.

ఇప్పటికే సరుకు వెళ్లిపోయిందా? ముందు కొరియర్ ఆఫీసుకు ఫోన్ చేసి పార్సిల్ ఆపి వెనక్కి పంపమనండి. ఇంకా డెలివరీ కాకపోతే చాలాసార్లు దొరుకుతుంది. ఆ తర్వాత `1930`కి ఫోన్ చేసి, `cybercrime.gov.in`లో ఫిర్యాదు పెట్టండి. చాట్ డిలీట్ చేయొద్దు. నకిలీ స్క్రీన్‌షాట్, ఆ రోజు ఖాతా స్టేట్‌మెంట్, వాడి నంబరు, పార్సిల్ తీసుకెళ్లిన బండి వివరాలు, అన్నీ జత చేయండి. నా మూడు చీరలు మాత్రం తిరిగి రాలేదు.