ట్యాపింగ్: హోల్ చిన్నగా వేస్తే థ్రెడ్ గట్టిగా వస్తుందా?

హోల్ లోపల థ్రెడ్ కోసే ట్యాపు విరిగి, దాన్ని పట్టుకుని మా షాపుకు వచ్చేవాళ్లలో చాలామంది చెప్పేది ఒకటే. "హోల్ కాస్త చిన్నగానే వేశాను అన్నా, థ్రెడ్ గట్టిగా రావాలని." ఈ ఒక్క నమ్మకం వల్ల విరిగినన్ని ట్యాపులు మరే కారణం వల్లా విరగలేదని నా లెక్క. అందుకే ఎక్కువ భాగం దీని గురించే రాస్తాను. మిగతా అపోహలు చివర్లో గబగబా చెప్పేస్తాను.

అపోహ: హోల్ ఎంత చిన్నగా ఉంటే థ్రెడ్ అంత బలం.

ఎం8 ట్యాపునే, అంటే 8 మిల్లీల బోల్టుకు సరిపోయేదాన్నే, తీసుకుందాం. పిచ్, అంటే థ్రెడ్‌లో ఒక చుట్టుకూ పక్క చుట్టుకూ మధ్య దూరం, 1.25 మిల్లీలు. బోల్టు సైజులోంచి పిచ్ తీసేస్తే 6.75 వస్తుంది. బజార్లో దొరికే బిట్టు 6.8, వేయాల్సింది అదే. మెట్రిక్ ట్యాపులన్నిటికీ ఇదే లెక్క: ఎం6 కి 5, ఎం10 కి 8.5, ఎం12 కి 10.2. ఇంతవరకు అందరికీ తెలుసు. తెలిసినా వేయరు. ఎందుకంటే మామూలు హార్డ్‌వేర్ షాపులో అమ్మే బిట్టు సెట్టు అర మిల్లీ తేడాలతో ఉంటుంది. 6.5 ఉంటుంది, 7 ఉంటుంది, 6.8 ఉండదు. రెండింట్లో ఏది వేయాలని అడిగితే పక్కనున్నాయన "చిన్నదే మేలు, పెద్దదైతే థ్రెడ్ లూజు" అంటాడు. ఇంకో పెద్దమనిషి "ఎం8 కి రెండు సూత్ బిట్టు కొట్టెయ్, మేం ఎప్పటినుంచో కొడుతున్నాం" అంటాడు. రెండు సూత్ అంటే పావు అంగుళం, 6.35 మిల్లీలు.

ఇప్పుడు లోపల ఏం జరుగుతుందో చూడండి. 6.8 హోల్‌లో ట్యాపు కోసేది పూర్తి థ్రెడ్ ఎత్తులో దాదాపు 74 శాతం. 6.5 వేస్తే అది 92 శాతానికి ఎక్కుతుంది. రెండు సూత్ హోల్‌లో లెక్క నూరు దాటిపోతుంది. అంటే ట్యాపు పళ్ల మొదళ్లు కూడా హోల్ గోడకు ఒరుసుకుంటాయి. పళ్ల మొదట్లో కోసే అంచు లేదు. అక్కడ ఉక్కు కోసుకోదు, నలుగుతుంది. నలిగిన లోహం ట్యాపును పట్టేస్తుంది. కోసిన లోహపు చిప్ కూడా లావుగా వచ్చి ట్యాపు గాడుల్లో కుక్కుకుపోతుంది. మీరు హ్యాండిల్ మీద వేసే బలమంతా కోయడానికి కాక ఈ పట్టును విడిపించడానికే పోతుంది.

దీనికి బదులుగా దొరికే బలం ఎంత? హ్యాండ్‌బుక్కులు చెప్పే పాత లెక్క ప్రకారం 75 శాతం థ్రెడ్ కన్నా నూరు శాతం థ్రెడ్ సుమారు 5 శాతమే ఎక్కువ బలం. దాన్ని కోయడానికి మాత్రం మూడు రెట్ల బలం పెట్టాలి. ఆ 5 శాతం కోసం ట్యాపును పణంగా పెట్టడం నాకైతే అర్థం కాదు.

నా మాట నమ్మక్కర్లేదు. షాపులో కొన్న ఎం8 నట్టు తీసుకుని వెర్నియర్‌తో లోపలి కొలత చూడండి. 6.65 కీ 6.91 కీ మధ్యలో ఉంటుంది, ప్రమాణం అనుమతించే హద్దులు అవే. అంటే ఫ్యాక్టరీ నట్టులోనే పూర్తి థ్రెడ్ లేదు. దాని మందం ఆరున్నర మిల్లీల చుట్టుపక్కల. సరైన గ్రేడు నట్టు వేసి బోల్టును అతిగా బిగిస్తే థ్రెడ్ ఊడేలోపే బోల్టు తెగాలి, దాన్ని చేసిందే ఆ లెక్కన. మన మైల్డ్ స్టీల్ ప్లేటు ఆ నట్టు కన్నా మెత్తన కాబట్టి ఇంకాస్త లోతు కావాలి. బోల్టు ఎంత లావో థ్రెడ్ కనీసం అంత లోతు ఉంటే చాలంటాం. ఎం8 కి 8 మిల్లీలు. బలం కావాలంటే లోతు పెంచాలి గానీ హోల్ చిన్నది చేయకూడదు.

మరి 6.8 దొరక్కపోతే? వెతకండి. ట్యాపులు, బిట్లు అమ్మే టూల్స్ షాపులో విడిగా ఇస్తారు, ట్యాపు ఖరీదుతో పోలిస్తే అదేమంత కాదు. మరీ తప్పకపోతే, ప్లేటు 12 మిల్లీలో అంతకన్నా ఎక్కువో ఉంటే, నేను 6.5 కన్నా 7 వేయమంటాను. 62 శాతం థ్రెడ్ వస్తుంది. కొలత ప్రకారం హద్దు దాటినట్టే, గేజ్ పెట్టి చూసే పనికి పనికిరాదు. కానీ మోటారు బేసుకు, గార్డుకు, బ్రాకెట్‌కు అంత లోతులో ఆ థ్రెడ్ నిలుస్తుంది. స్టెయిన్‌లెస్ 304 అయితే 6.8 ఉన్నా నేను 6.9 వేస్తాను. ఆ లోహం కోస్తుంటేనే గట్టిపడుతుంది, మొండి ట్యాపుతో అక్కడక్కడే తిప్పారంటే అంతే సంగతులు.

ఒక హెచ్చరిక. లెక్కకు పిచ్ తెలియాలి. బండ్ల బోల్టుల్లో ఎం10 కి 1.25 పిచ్ మామూలే. దానికి 8.5 వేస్తే మళ్లీ చిన్న హోలే, 8.8 కావాలి. ట్యాపు మీద చెక్కి ఉన్న అంకె చదవండి, అరిగిపోతే పిచ్ గేజ్ పెట్టండి.

ఈమధ్య ఒక కుర్రాడు మోటారు బేస్ ప్లేటు తెచ్చాడు. 12 మిల్లీల మైల్డ్ స్టీలు, నాలుగు ఎం8 హోల్స్, ఆరుపారు, అంటే ప్లేటు అవతలికి దూసుకెళ్లేవి. మూడింట్లో ట్యాపు దిగింది, నాలుగోదాంట్లో సగంలో విరిగింది. ముఖం చూస్తే ప్లేటు మొత్తం పోయిందన్నట్టున్నాడు, ఓనరుకు ఇంకా చెప్పలేదట. "ఏ బిట్టు వేశావు తమ్ముడూ?" అంటే జేబులోంచి 6.5 తీశాడు. మూడు హోల్స్‌లోనూ ట్యాపు కీచుమందా అని అడిగాను. అవునన్నాడు. అదే సూచన. మంచి ట్యాపు సరైన హోల్‌లో, నూనెతో, దాదాపు చప్పుడు లేకుండా దిగుతుంది. ఇంకో సూచన చేతికే తెలుస్తుంది: హ్యాండిల్ కాస్త తిరుగుతుంది, ట్యాపు తిరగదు, వదిలితే హ్యాండిల్ స్ప్రింగులా వెనక్కి వస్తుంది. అంటే ట్యాపు మెలి తిరుగుతోంది. అక్కడ ఇంకొంచెం బలం వేద్దామనుకున్నవాళ్లే ఎక్కువగా మా దగ్గరికొస్తారు.

ఆరుపారు హోల్ కావడం అతని అదృష్టం. కింది నుంచి గాలి కొట్టి గాడుల్లో చిప్స్ దులిపాం, పలుచని నూనె పోసి కాసేపు వదిలేశాం. తర్వాత ట్యాప్ ఎక్స్‌ట్రాక్టర్ వేళ్లు గాడుల్లోకి దించి, ముందుకు ఇంచుక, వెనక్కి ఇంచుక కదుపుతూ పోతే ముక్క పట్టు వదిలి బయటికొచ్చింది. ఒక్కసారిగా వెనక్కి తిప్పితే ఎక్స్‌ట్రాక్టర్ వేళ్లే విరుగుతాయి. తర్వాత నాలుగు హోల్స్‌లోనూ, ప్లేటును గట్టిగా బిగించి, నెమ్మదిగా 6.8 దించాం. బిగించకపోతే బిట్టు ఉన్న థ్రెడ్‌ను పట్టుకుని లోపలికి లాక్కుంటుంది. ఆ తర్వాత ట్యాపు పాత చుట్లలోనే పడేలా ముందు చేత్తో వెనక్కి తిప్పుతూ దారి పట్టించి, మళ్లీ నడిపితే నాలుగూ వేలితో తిప్పినంత తేలిగ్గా అయిపోయాయి.

అపోహ: ట్యాపు నాణ్యత లేక విరుగుతుంది.

కొన్నిసార్లు నిజమే. కానీ హోల్ సైజు తర్వాత నేను చూసే రెండో కారణం వంకర. చేతి డ్రిల్లుతో వేసిన హోల్ ఒక వైపు, ట్యాపు ఇంకో వైపు. మొదటి రెండు మూడు చుట్లలోనే ఇది తేలిపోతుంది. హ్యాండిల్ తీసి, ట్రై స్క్వేర్‌ను ట్యాపుకు ఆనించి ఒకసారి, పావు వంతు పక్కకు జరిగి ఇంకోసారి చూడండి. అప్పుడు దిద్దవచ్చు. సగం దిగాక దిద్దబోతే విరుగుతుంది. డ్రిల్లింగ్ మిషన్ ఉంటే హోల్ వేసిన చోటు నుంచి ప్లేటు కదపకుండా, అదే చక్‌లో ట్యాపు పట్టించి, కరెంటు ఆపేసి, చక్‌ను చేత్తో తిప్పి మొదలుపెట్టండి. వంకర అన్న మాటే ఉండదు. హోల్ మూతి దగ్గర కౌంటర్ సింక్‌తో 8 కన్నా కాస్త పెద్దగా అంచు తీస్తే ట్యాపు నేరుగా కూర్చుంటుంది, పై చుట్టు ఉబ్బదు. హ్యాండిల్‌ను రెండు చేతులతో సమంగా తిప్పండి. ఎం5 కన్నా చిన్న ట్యాపుకు పెద్ద హ్యాండిల్ అసలు పెట్టొద్దు.

అపోహ: ట్యాపు సెట్టులో మూడూ ఒకటే, ఒక్కటి వాడితే చాలు.

మీ సెట్టును బట్టి ఉంటుంది. కొన్ని సెట్లలో మూడింటికీ కొలత ఒకటే, ముందున్న వాలు మాత్రమే తేడా. అందులో ఆరుపారు హోల్‌కు మొదటిదాంతోనే పనైపోతుంది. షాంకు మీద ఒక గీత, రెండు గీతలు, గీత లేనిది అని ఉంటే అది వరస సెట్టు. మొదటి రెండూ కావాలనే తక్కువ కొలతలో చేస్తారు, పనిని మూడుగా పంచడానికి. అందులో మొదటిది కొట్టి ఆపితే బోల్టు ఎక్కదు. మూడోది నేరుగా కొడితే విరగడం ఖాయం.

అపోహ: ఆరుపారు కాని హోల్‌లో బిట్టు లోతు, థ్రెడ్ లోతు ఒకటే.

కాదు. ఎం8 కి 16 మిల్లీల థ్రెడ్ కావాలంటే బిట్టు 23, 24 దాకా దించండి. ట్యాపు మొనకూ చిప్స్‌కూ చోటు కావాలి. మధ్యలో ట్యాపు పూర్తిగా తీసి చిప్స్ దులపండి.

అపోహ: ఏ నూనైనా ఒకటే.

పాత ఇంజన్ ఆయిల్ ఉక్కుకు పనికిరాదు. కటింగ్ ఆయిల్ కొనండి. కిరోసిన్ అల్యూమినియానికి. పోత ఇనుముకు నూనే వద్దు.

అపోహ: తిప్పినంత సేపూ ముందుకే తిప్పాలి, లేదా ప్రతిసారీ వెనక్కి తిప్పాలి.

నేరు గాడుల చేతి ట్యాపును అర చుట్టు నుంచి ఒక చుట్టు ముందుకు తిప్పాక, చిప్ తెగే టిక్కుమన్న కదలిక తెలిసేదాకా పావు చుట్టు వెనక్కి తిప్పండి. మెలిక గాడుల మిషన్ ట్యాపుకు ఇది అక్కర్లేదు, అది చిప్‌ను తనే పైకి తోస్తుంది.

అపోహ: విరిగిన ట్యాపును పటిక నీళ్లలో ఉడికిస్తే కరుగుతుంది.

ఇది వీడియోల్లో తెగ తిరుగుతోంది. పటిక నీళ్లు ఉక్కు ట్యాపును తినేసే మాట నిజమే, గంటలకొద్దీ మరిగించాలి. ఆ వీడియోల్లో పార్టు అల్యూమినియం. మీ పార్టు ఉక్కైతే ట్యాపుతో పాటు పార్టునూ తింటుంది. మామూలు హెచ్‌ఎస్‌ఎస్ బిట్టుతో డ్రిల్లు చేసి తీద్దామన్నా కుదరదు, ట్యాపూ అంతే గట్టి, బిట్టు పక్కకు జారి హోల్ పాడవుతుంది. ముక్క బయటికి కనిపిస్తుంటే దాని మీద నట్టు పెట్టి వెల్డింగ్ చేయించి తిప్పండి. లోపలుంటే ఎక్స్‌ట్రాక్టర్. అదీ కుదరక, పార్టు ఖరీదైనదైతే స్పార్క్ మిషన్ ఉన్న డై షాపుకు తీసుకెళ్లండి. ట్యాపు నడిమి భాగాన్ని తినేసి, మీ థ్రెడ్ జోలికి పోకుండా ముక్కలు తీసిస్తారు.